వెయ్యి మంది పిల్లల్లో ఎందరికి?

2021 సెప్టెంబరు 16 నాటి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో టైఫాయిడ్ టీకా మీద ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఆఫ్రికాలోని మలావీ దేశంలో, బ్లాంటైర్ నగరంలో తొమ్మిది నెలల పసివాళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల దాకా 28,130 మందికి టీకాలు వేసి, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా గమనించి రాసిన పత్రమది. టీకా పేరు టైప్‌బార్ టీసీవీ. తయారుచేసింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. వైద్యరంగంలో ఉన్నవాళ్లకు పత్రం సారం ఒక్క ముక్కలో అందుతుంది: టీకా సామర్థ్యం 80.7 శాతం, 95 శాతం విశ్వాస అవధి 64.2 నుంచి 89.6.

ఆ పనిలో చెయ్యి వేసిన ఒక యువ పరిశోధకురాలు ఉందనుకుందాం. పత్రం వచ్చిన సంగతి లింక్డ్‌ఇన్‌లో చెప్పాలి. అక్కడ ఆమెకు తెలిసినవాళ్లలో టీకాల నిపుణులు పదిమంది ఉంటే గొప్ప. మిగిలినవాళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఇంటర్ స్నేహితురాలు, బ్యాంకు మేనేజరుగా ఉన్న బాబాయి, మందుల కంపెనీలో అమ్మకాలు చూసే సీనియర్, డిగ్రీలో పాఠం చెప్పిన మాస్టారు. ‘మా పత్రం ఫలానా జర్నల్‌లో ప్రచురితమైందని తెలియజేయడానికి ఎంతో ఆనందిస్తున్నాను’ అని మొదలుపెట్టి, పత్రం మొదటి పేజీ ఫొటో ఒకటి అతికించి, తోటి రచయితల పేర్లన్నీ వరుసగా చేరిస్తే అభినందనలకు లోటుండదు. కానీ బాబాయికి తెలిసేది అమ్మాయి ఏదో పెద్ద పత్రికలో రాసిందన్న సంగతి ఒక్కటే. ఏం కనుక్కుందో తెలియదు.

అందరికీ అర్థమయ్యేలా రాయమంటే చాలామంది పెద్ద మాటలు తీసి చిన్న మాటలు పెడతారు. ‘టీకా 80 శాతం పనిచేస్తుంది’ అంటారు. మాటలు సులువయ్యాయి, అర్థం మాత్రం పక్కదారి పట్టింది. ఆ వాక్యం చదివిన పదిమందిని అడిగి చూడండి. వంద మంది పిల్లలకు టీకా వేస్తే ఎనభై మందికి టైఫాయిడ్ రాదు, మిగతా ఇరవై మందికి వస్తుంది అని చెప్పేవాళ్లు తప్పక ఉంటారు. ఆ లెక్కన బ్లాంటైర్‌లో టీకా వేయించుకున్న పద్నాలుగు వేల మందిలో రెండు వేల ఎనిమిది వందల మందికి జబ్బు రావాలి. నిజంగా వచ్చింది పన్నెండు మందికి.

ఈ పన్నెండు దగ్గరే అసలు కథ మొదలవుతుంది కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం. పరిశోధకులు పిల్లల్ని రెండు బృందాలు చేశారు. ఏ బిడ్డ ఏ బృందంలోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఒక బృందంలో 14,069 మందికి టైఫాయిడ్ టీకా వేశారు. రెండో బృందంలో 14,061 మందికి మెనింజైటిస్-ఎ టీకా వేశారు. రెండోవాళ్లకు ఉత్త నీళ్ల సూది వేసి పంపకుండా, ఇంకో జబ్బు నుంచి కాపాడే టీకా వేయడం వల్ల వాళ్లకూ ఎంతో కొంత మేలు జరుగుతుంది. ఎవరికి ఏది వేశారో తల్లిదండ్రులకూ తెలియదు, తర్వాత జ్వరాలు పరీక్షించిన సిబ్బందికీ తెలియదు. తెలిస్తే, టీకా పడిన పిల్లకు జ్వరం వచ్చినప్పుడు ‘ఇది టైఫాయిడ్ అయ్యుండదులే’ అని తెలియకుండానే మనసు మొగ్గుతుంది.

తర్వాత లెక్కపెట్టారు. టైఫాయిడ్ టీకా బృందంలో 12 మందికి, రెండో బృందంలో 62 మందికి జబ్బు తేలింది. రెండు బృందాలూ దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి కాబట్టి, టీకా లేకపోతే మొదటి బృందంలోనూ అరవై రెండుకు అటూఇటూగా వచ్చేవి. పన్నెండే వచ్చాయి. అంటే యాభై తగ్గాయి. అరవై రెండులో యాభై తగ్గడమే ఆ 80 శాతం. శాతం తీసింది జబ్బు వచ్చేవాళ్ల లోంచి, పిల్లలందరి లోంచి కాదు.

పోస్టులో ఇది చెప్పడానికి వేలలో లెక్క మేలు. టీకా పడని వెయ్యి మంది పిల్లల్లో నలుగురైదుగురికి టైఫాయిడ్ వచ్చింది, టీకా పడిన వెయ్యి మందిలో ఒక్కరికి వచ్చింది. బ్యాంకు మేనేజరు బాబాయి ఈ వాక్యాన్ని తప్పుగా చదవడం కష్టం. పైగా శాతం దాచిపెట్టే ఒక సంగతిని ఇది బయటపెడుతుంది. టీకా పడకపోయినా వెయ్యిలో 995 మందికి ఆ కాలంలో ఈ జబ్బు తేలలేదు. ఇది చెబితే టీకా గొప్పతనం తగ్గిపోతుందేమోనని కొందరు పరిశోధకులు జంకుతారు. తగ్గదు. నగరంలో పిల్లలు లక్షల్లో ఉంటారు. వెయ్యికి మూడున్నర చొప్పున తగ్గితే లక్షకు మూడు వందల యాభై. పైగా బ్లాంటైర్‌లో ఒక్కసారిగా పెరిగిన టైఫాయిడ్ పలు రకాల మందులకు లొంగని రకం.

రెండో చిక్కు, దేన్ని టైఫాయిడ్‌గా లెక్కపెట్టారన్నది. మన ఊళ్లలో టైఫాయిడ్ అంటే వైడాల్ పరీక్ష. జ్వరం మూడు రోజులు తగ్గకపోతే ల్యాబ్‌కు పంపిస్తారు, సాయంత్రానికి కాగితం వస్తుంది, ‘టైఫాయిడ్ ఉంది’ అంటారు. ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, క్రిమి మీద శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను. అవి పాత జ్వరం వల్లా ఉండవచ్చు, వేరే సూక్ష్మక్రిముల వల్లా ఉండవచ్చు. అందుకే వైడాల్‌లో ‘ఉంది’ అని వచ్చిన చాలా జ్వరాలు టైఫాయిడ్ కావు. మలావీలో చేసింది బ్లడ్ కల్చర్. జ్వరంతో వచ్చిన బిడ్డ రక్తాన్ని పోషక ద్రవమున్న సీసాలో వేసి, వెచ్చగా ఉంచి, సాల్మొనెల్లా టైఫీ అనే బాక్టీరియా పెరుగుతుందేమో చూస్తారు. రోజులు పడుతుంది. పెరిగితే సందేహం లేదు.

పెరగకపోతే మాత్రం సందేహం ఉంటుంది. రక్తంలో క్రిములు చాలా పల్చగా ఉంటాయి. పసిపిల్లల దగ్గర తీసేది కొన్ని మిల్లీలీటర్ల రక్తమే. ఇంటి దగ్గరే ఏదో యాంటీబయాటిక్ మింగి వచ్చుంటే పెరిగే అవకాశం ఇంకా తగ్గుతుంది. మొత్తం మీద నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలో పదిమందికి ఆరుగురినే ఈ పరీక్ష పట్టుకుంటుందని నిపుణుల అంచనా. మరి అయిదులో రెండు వంతుల జబ్బు కంటబడకుండా పోతుంటే లెక్క ఏమవుతుంది? ఇక్కడ ఒక చక్కని తిరకాసు ఉంది. పరీక్ష రెండు బృందాల్లోనూ ఒకేలా తప్పుతుంది కాబట్టి 62కూ 12కూ మధ్య నిష్పత్తి పెద్దగా మారదు. కానీ వెయ్యికి నలుగురైదుగురన్న సంఖ్య అసలు జబ్బు కంటే తక్కువ. నిజంగా జబ్బు పడినవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు. కాబట్టి పోస్టులో ‘టైఫాయిడ్ వచ్చింది’ అనకుండా ‘రక్తపరీక్షలో క్రిమి పెరిగి టైఫాయిడ్ అని తేలింది’ అని రాయాలి. వాక్యం కాస్త బరువెక్కుతుంది. ఎక్కనివ్వాలి. తెలుగు పాఠకుడికైతే ‘ఇది వైడాల్ కాదు’ అన్న చిన్న ముక్క కూడా జోడించాలంటాను.

దేన్ని లెక్కపెట్టామన్నది మారితే శాతం ఎంతలా మారుతుందో ఇదే టీకా మీద అంతకుముందు వచ్చిన ఇంకో పత్రంలో చూడవచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు కొందరు టీకా వేయించుకుని, తర్వాత తమ ఇష్టంతోనే టైఫాయిడ్ క్రిములు కలిపిన ద్రవం తాగారు. డాక్టర్లు పక్కనే ఉండి, జబ్బు తేలగానే మందులిచ్చారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఆ పత్రంలో టీకా సామర్థ్యం 54.6 శాతం. అక్కడ జ్వరం పన్నెండు గంటలు నిలిచినా, జ్వరం లేకుండా రక్తంలో క్రిమి కనబడినా జబ్బుగానే లెక్కపెట్టారు. ముందు జ్వరం వచ్చి, తర్వాత రక్తంలో క్రిమి దొరికినవాళ్లను మాత్రమే లెక్కపెడితే, అంటే ఆస్పత్రికి వచ్చే రోగుల్లాంటి వాళ్లను మాత్రమే చూస్తే, అదే పరిశోధనలో ఆ సంఖ్య 87.1 శాతం అయింది. టీకా ఒకటే, తాగినవాళ్లూ వాళ్లే. పోస్టులో శాతం మాత్రం వేసి నిర్వచనం వదిలేస్తే, ఎవరికి నచ్చిన సంఖ్య వాళ్లు ఏరుకోవచ్చు.

ఇక ఈ పత్రంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అంకె ఒకటుంది. టీకా వేసిన మొదటి ఆరు నెలల్లో పిల్లలకు వచ్చిన తీవ్రమైన ఆరోగ్య సమస్యలన్నీ, కారణం ఏదైనా సరే, రాసిపెట్టారు. మొత్తం 130. టైఫాయిడ్ టీకా బృందంలో 52, రెండో బృందంలో 78. వీటిలో ఆరు మరణాలు. ఆరూ రెండో బృందంలోనివే.

పోస్టు రాసే చెయ్యి ఇక్కడ జారుతుంది. ‘మా టీకా వేసుకున్నవాళ్లలో ఒక్కరూ చనిపోలేదు’ అన్న వాక్యంలో అబద్ధమేమీ లేదు. కానీ చదివినవాడు ఏమనుకుంటాడు? ఈ టీకా ప్రాణాలు కాపాడుతుందని ఒకడు, మెనింజైటిస్ టీకా పిల్లల్ని చంపుతుందని ఇంకొకడు. పత్రం ఈ రెండింటిలో ఏదీ చెప్పలేదు. ఏ తీవ్ర సమస్యకూ ఏ టీకా కారణం కాదని పరిశోధకులు తేల్చారు. పిల్లల మరణాలు ఎక్కువగా ఉండే చోట పాతిక వేలకు పైబడిన పిల్లల్ని ఆరు నెలలు గమనిస్తే, టీకాతో పనిలేకుండానే కొన్ని మరణాలు ఉంటాయి. ఆరనేది చిన్న సంఖ్య. ఆ ఆరూ ఒకే వైపు పడటం యాదృచ్ఛికంగానూ జరగవచ్చు. అసలు మరణాలు తగ్గుతాయా అన్నది తేల్చడానికి వేసిన ప్రణాళిక కాదది. నన్నడిగితే ఈ అంకెను చిన్న పోస్టులోకి తేకుండా, భద్రత గురించి ‘తీవ్ర సమస్యలను ఆరు నెలలు గమనించాం, టీకా వల్ల వచ్చినదని తేలినది ఒక్కటీ లేదు’ అంటే సరిపోతుంది. తేవాలనిపిస్తే వెనకున్న వివరణ మొత్తం తేవాలి. సగం తెస్తే ఆ వాక్యం ఒక్కటే వాట్సాప్‌లో ఊరేగుతుంది.

64 నుంచి 89 దాకా ఉన్న ఆ అవధిని ఏం చేయాలి? చాలామంది వదిలేస్తారు, పాఠకుడికి అర్థం కాదని. నిజానికి అర్థమయ్యే విషయమే. జబ్బు వచ్చినవాళ్లు తక్కువమంది కాబట్టి లెక్కలో కొంత ఊగిసలాట ఉంటుంది. పన్నెండుకు బదులు పదహారు వచ్చినా, తొమ్మిది వచ్చినా శాతం మారిపోతుంది. అందుకని ‘అయిదింట నాలుగు వంతులు తగ్గిందని మా అంచనా, అసలు తగ్గుదల మూడింట రెండు వంతుల నుంచి పదింట తొమ్మిది వంతుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు’ అంటే చాలు. దశాంశాలు అక్కర్లేదు. 80.7 అని ఆ చివరి ఏడును కూడా రాస్తే, లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది.

మన వైపు నుంచి ఇంకో ప్రలోభం ఉంది. టీకా పుట్టింది హైదరాబాద్‌లో. తెలుగువాళ్లు ఎవరు ఆ పత్రాన్ని పంచుకున్నా ‘మన టీకా ప్రపంచాన్ని గెలిచింది’ అన్న ఊపు రాకుండా ఉండదు. సంతోషించడంలో తప్పు లేదు. కానీ ఎవరు తయారుచేశారు, ఎవరు పరీక్షించారు, ఎవరు డబ్బు పెట్టారు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు, మూడింటికీ జవాబు పోస్టులో ఉండాలి. తయారీ భారత్ బయోటెక్. పరీక్షించింది మలావీలోని పరిశోధకులూ, అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్లూ కలిసిన బృందం. డబ్బు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్‌ది. పోస్టు రాసేవాళ్లు టీకా కంపెనీ ఉద్యోగులైతే ఆ ముక్కా అక్కడే చెప్పాలి.

ఊపులో జారే అసలు తప్పు వేరే ఉంది. వెయ్యికి మూడున్నర తగ్గిందన్న లెక్క బ్లాంటైర్‌ది. దాన్ని తెచ్చి వరంగల్‌కో విజయవాడకో అంటగట్టకూడదు. టైఫాయిడ్ ఎక్కువగా ఉన్న చోట అదే టీకా ఎక్కువ జబ్బును ఆపుతుంది, తక్కువగా ఉన్న చోట తక్కువ ఆపుతుంది. అయిదింట నాలుగు వంతులన్న నిష్పత్తి మాత్రం ఊరు దాటినా ఇంచుమించు నిలుస్తుంది. నేపాల్‌లోని లలిత్‌పూర్‌లో దాదాపు ఇరవై వేల మంది పిల్లల మీద చేసిన పరీక్షలోనూ 81.6 శాతమే వచ్చింది. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పేస్తే, ‘అయితే మా పిల్లకు వేయించమంటావా?’ అని ఇన్‌బాక్సులో వచ్చే ప్రశ్నకు సగం జవాబు ముందే చెప్పినట్టవుతుంది. మిగతా సగం పిల్లల డాక్టరు చెప్పాలి.

వీటన్నిటినీ ఇరికించడానికి చోటుందా? లింక్డ్‌ఇన్ ఒక పోస్టుకు మూడు వేల అక్షరాలిస్తుంది. చోటు చాలినంత ఉంది. చిక్కల్లా, చూసేవాళ్లకు మొదట రెండు మూడు పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గాని తెరుచుకోదు. ఆ రెండు పంక్తులను ‘ఎంతో ఆనందిస్తున్నాను’కు ఖర్చుపెట్టడం దుబారా. పరిశోధకురాలు నా మాట వింటే ఇలా రాస్తుంది:

‘టైఫాయిడ్ టీకా వేసిన వెయ్యి మంది పిల్లల్లో ఒక్కరికి ఆ జబ్బు తేలింది. వేయని వెయ్యి మందిలో నలుగురైదుగురికి తేలింది. మలావీలోని బ్లాంటైర్‌లో 28 వేల మంది పిల్లలను రెండేళ్ల దాకా గమనించాక మాకు తెలిసింది ఇది.

సగం మందికి టైఫాయిడ్ టీకా, సగం మందికి మెనింజైటిస్ టీకా వేశాం. ఎవరికి ఏది అన్నది లాటరీ తేల్చింది, కుటుంబాలకు చెప్పలేదు. జ్వరంతో వచ్చిన పిల్లల రక్తంలో టైఫాయిడ్ క్రిమి పెరిగితేనే లెక్కలోకి తీసుకున్నాం. ఒక వైపు 12 మంది, రెండో వైపు 62 మంది తేలారు. జబ్బు అయిదింట నాలుగు వంతులు తగ్గిందని మా అంచనా. జబ్బు పడినవాళ్లు తక్కువమంది కాబట్టి అసలు తగ్గుదల మూడింట రెండు వంతుల నుంచి పదింట తొమ్మిది వంతుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

తీవ్ర సమస్యలను ఆరు నెలలు గమనించాం. టీకా వల్ల వచ్చినదని తేలినది ఒక్కటీ లేదు. రెండేళ్ల తర్వాత రక్షణ ఎంత నిలుస్తుందో ఈ పత్రం చెప్పదు. జబ్బు తక్కువగా ఉన్న ఊళ్లలో తగ్గే సంఖ్య ఇంతకంటే చిన్నది కావచ్చు.

టీకా తయారీ భారత్ బయోటెక్, హైదరాబాద్. ఖర్చు గేట్స్ ఫౌండేషన్‌ది. నేను చేసిన పని ఇది: ...’

చివర ఖాళీ కావాలనే వదిలాను. ఇంతమంది రచయితలున్న పత్రంలో ఎవరి పాలు ఎంతో ఎవరికి వాళ్లే చెప్పాలి. రక్తనమూనాలు చూసిందా, లెక్కలు కట్టిందా, పిల్లల ఇళ్లకు తిరిగే సిబ్బందికి శిక్షణ ఇచ్చిందా? ‘మేం కనుక్కున్నాం’ అన్న మాట కంటే ఆ ఒక్క వాక్యం ఉద్యోగమిచ్చే కంపెనీకీ, పాఠం చెప్పిన మాస్టారికీ ఎక్కువ ఉపయోగపడుతుంది. కింద జర్నల్ పేజీకి లింకు పెట్టాలి, పత్రం పీడీఎఫ్ కాదు, ఎందుకంటే దాని హక్కులు చాలాసార్లు ప్రచురణకర్తవి. జర్నల్ ప్రకటించిన గడువు కంటే ముందు పోస్టు చేయకూడదు. పరిశోధనలో పాల్గొన్న పిల్లల ఫొటోలు అసలే వద్దు.

పోస్టు పెట్టే ముందు ఈ రంగం తెలియని ఒకరికి చదివించి, ‘నీకేం అర్థమైందో తిరిగి చెప్పు’ అనాలి. ‘బాగుందా?’ అని అడిగితే బాగుందనే అంటారు. తిరిగి చెప్పేటప్పుడు ‘వందలో ఇరవై మందికి వస్తుందట’ అని వినబడితే మొదటి పంక్తి మార్చాలి. ‘ఇది వేసుకుంటే జన్మలో రాదట’ అని వినబడితే కాలం చెప్పిన వాక్యం సరిపోలేదన్నమాట.

కాలం సంగతి అల్పమైనది కాదు. ఇదే పిల్లలను మరింత కాలం గమనించి, 2024లో లాన్సెట్‌లో ఇంకో పత్రం ప్రచురించారు. సగటున నాలుగేళ్లకు పైగా చూశాక టీకా బృందంలో 24 మందికి, రెండో బృందంలో 110 మందికి జబ్బు తేలింది. తగ్గుదల 78.3 శాతం, అంటే ముందటిదానికి దాదాపు సమానం. వెయ్యి మంది లెక్క మాత్రం మారింది. మొదటి పత్రంలో వెయ్యికి మూడున్నర తగ్గితే, ఇందులో ఆరు తగ్గాయి. టీకా అప్పటికంటే బాగా పనిచేసిందని దీనికి అర్థం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ టీకా పడని పిల్లల్లో జబ్బులు పోగవుతూ వచ్చాయి, అంతే. వేలల్లో చెప్పినప్పుడల్లా ‘ఎన్నేళ్లలో’ అన్నది పక్కనే ఉండాలి. ఈ కొత్త పత్రం మీద రాసే పోస్టులో ఇంకో వాక్యం కూడా ఉండాలి. టీకా వేసేనాటికి రెండేళ్లు నిండని పసివాళ్లలో తగ్గుదల 70 శాతం దగ్గర ఉంది, పెద్ద పిల్లల్లో 79 శాతం దాకా ఉంది.